లెన్స్ ఫ్లేర్ పెట్టే ముందు ఎండ ఎక్కడ పడుతోందో చూడండి

ప్రశ్న: విజయవాడలో ఒక ఇంటీరియర్ డిజైనర్ దగ్గర పనిచేస్తున్నాను. బ్లెండర్‌లో ఒక హాలు రెండర్ చేశాను. ఎడమవైపు బాల్కనీ తలుపు, సాయంత్రపు ఎండ, కుడివైపు సోఫా. కెమెరా 24 మిల్లీమీటర్లు, బొమ్మ సైజు 3000×2000. వాట్సాప్‌లో చూసిన క్లయింటు "బాగుంది కానీ కంప్యూటర్ బొమ్మలా ఉంది" అన్నారు. లెన్స్ ఫ్లేర్, విన్యెట్, గ్రెయిన్ కలిపితే ఫొటోలా కనిపిస్తుందని చదివి, PNG తీసుకుని ఫొటోషాప్‌లో మూడూ కలిపాను. ఇప్పుడు పెళ్లి ఆల్బమ్‌లా ఉంది! ఏది ముందు వేయాలి, ఎంత వేయాలి? కలపక ముందుదీ కలిపిన తర్వాతదీ రెండు బొమ్మలూ పంపుతున్నాను. — ఒక పాఠకురాలు

జవాబు: రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏమీ కలపనిదే నయం. మీరు అడిగిన రెండింటిలో ఏది ముందు అన్నది తేలితే, ఎంత అన్నది సగం తేలిపోతుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

కాంతి నడిచే దారి ఒకటే. గదిలోని కాంతి లెన్స్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి సెన్సార్ మీద పడుతుంది, ఆ తర్వాత కెమెరా లోపలో కంప్యూటర్ మీదో డెవలప్ అయి మనం చూసే బొమ్మగా మారుతుంది. ఫ్లేర్, విన్యెట్ రెండూ లెన్స్‌లో పుడతాయి. గ్రెయిన్ లెన్స్ దాటాక, ఫిల్ము మీదో సెన్సార్ మీదో పుడుతుంది. కాబట్టి రెండర్‌లోనూ అదే వరుస: ముందు డీనాయిజ్, తర్వాత ఫ్లేర్, అంటే కాంతి చెదురు, ఆ మీద విన్యెట్, తర్వాత టోన్ మార్పు, చివరగా గ్రెయిన్. మీరు గ్రెయిన్ ముందు వేసి దాని మీద ఫ్లేర్ అతికించారు. సోఫా మీద తేలుతున్న ఆ నారింజ రంగు వృత్తాలను నూరు శాతం జూమ్‌లో చూడండి. వెనక గోడ మీద గ్రెయిన్ ఉంది, వృత్తాల అంచులు మాత్రం గాజులా నున్నగా ఉన్నాయి. ఫ్లేర్ లెన్స్‌లో పుట్టి ఉంటే దాని మీదా అంతే గ్రెయిన్ పడాలి. చూసేవారికి ఈ సంగతి మాటల్లో చెప్పడం రాకపోవచ్చు గానీ, బొమ్మ మీద ఏదో అతికించారని మాత్రం తెలిసిపోతుంది.

ఇక ఫ్లేర్ సంగతి. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే బొమ్మను చెడగొట్టింది ముఖ్యంగా ఇదే.

ఫ్లేర్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు విషయాలు నడుస్తున్నాయి. ఒకటి, వరుసగా కనిపించే రంగుల వృత్తాలు, బహుభుజులు. వీటిని ఘోస్టులు అంటారు. రెండోది, వెలుగు చుట్టూ పరుచుకునే మసక, దానితోపాటు నల్లని భాగాలు కొద్దిగా తేలిపోవడం. ఫొటోషాప్‌లోని `Lens Flare` ఫిల్టర్ రెండింటినీ కలిపి ఒకే ముద్దగా ఇస్తుంది. మీ గదికి రెండోది కావాలి, మొదటిది అక్కర్లేదు. ఎందుకో చెబుతాను.

ఘోస్టు పుట్టాలంటే కాంతి లెన్స్ లోపల ఒక గాజు ఉపరితలం మీద తగిలి వెనక్కి తిరగాలి, మరో ఉపరితలం మీద తగిలి మళ్లీ ముందుకు తిరగాలి. పూత లేని గాజు మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పూతకు పేటెంట్ పొందాడు. ఆ దారిలో వచ్చిన నేటి పూతలతో ఒక్కో ఉపరితలం మీద తిరిగే కాంతి అర శాతం కన్నా తక్కువకు దిగింది. 0.3 శాతం అనుకుందాం. రెండుసార్లు తిరగాలి కాబట్టి 0.003ని 0.003తో గుణిస్తే వచ్చేది లక్షలో ఒక వంతు కన్నా తక్కువ. తలుపులోంచి కనిపించే ఆకాశం లక్షలో ఒక వంతుకు తగ్గితే కంటికి ఏమీ కనిపించదు. సూర్యబింబం అలా కాదు. ఆకాశం కన్నా అది లక్ష రెట్లకు పైగా ప్రకాశవంతం. అంత తగ్గినా ఇంకా మిగిలి కనిపిస్తుంది. కాబట్టి పగటి బొమ్మలో ఘోస్టులు ఉన్నాయంటే, సూర్యుడి ఎండ నేరుగా లెన్స్ ముందు గాజు మీద పడుతోందని అర్థం.

మీ గదిలో పడుతోందా? బాల్కనీ పైన సన్‌షేడ్ ఉంది, సూర్యబింబం ఫ్రేములో లేదు. ఎండ మడత తలుపు దగ్గర మొదలై టీపాయ్ కాళ్ల దాకా వచ్చి ఆగింది. కెమెరా ఉన్న చోటు నీడలో ఉంది. దీన్ని ఊహతో తేల్చనక్కర్లేదు. బ్లెండర్‌లో కెమెరా ఉన్న చోటే పిడికెడంత గోళం ఒకటి పెట్టి, రెండర్డ్ వ్యూలో పక్క నుంచి చూడండి. గోళం మీద ఎండ పడితే ఫ్లేరుకు కారణం ఉంది, పడకపోతే లేదు. చూశాక గోళాన్ని తీసేయడం మరిచిపోకండి, లేకపోతే తర్వాతి రెండర్ అంతా చీకటే. మీ బొమ్మ చూస్తే ఆ గోళం నీడలోనే ఉంటుందని నా నమ్మకం. అలాంటి గదిలో ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా, ఎంత చవక కెమెరా పెట్టినా ఆ నారింజ వృత్తాలు రావు.

ఒకవేళ మరో బొమ్మలో ఎండ లెన్స్ మీద పడేలా ఉంటే, ఘోస్టులు ఎక్కడ పడాలో కూడా లెక్క ఉంది. సాధారణ లెన్స్‌లో అవన్నీ సూర్యుడి నుంచి బొమ్మ నడిమధ్య గుండా పోయే ఒకే గీత మీద ఉంటాయి. 3000×2000 బొమ్మకు నడిమధ్య 1500, 1000. సూర్యుడు ఎడమ పైమూలలో 500, 400 దగ్గర ఉంటే, గీత నడిమధ్య దాటి 2500, 1600 వైపు సాగుతుంది. మీ బొమ్మలో వెలుగు బిందువును తలుపు మీదికి లాగారు, బాగానే ఉంది. కానీ ఆ తర్వాత బొమ్మను కుడివైపు కత్తిరించినట్టున్నారు. దాంతో నడిమధ్య జరిగిపోయి, గీత మరెక్కడి నుంచో పోతోంది. ఫ్లేర్ వేశాక క్రాప్ చేయకూడదు అనేది ఇందుకే. ఘోస్టుల ఆకారం కూడా అపర్చర్ రేకుల ఆకారమే. దీపాల చుట్టూ వచ్చే నక్షత్రపు కిరణాలకూ అదే మూలం: రేకులు సరిసంఖ్య అయితే అన్ని కిరణాలు, బేసిసంఖ్య అయితే దానికి రెట్టింపు. ఏడు రేకుల లెన్స్‌తో పద్నాలుగు. రాత్రి దృశ్యంలో వేలాడే బల్బుకు ఐదు కిరణాలో ఏడు కిరణాలో పెట్టిన రెండర్లు చూస్తే, చేసినవారు కెమెరా ఎప్పుడూ పట్టలేదని నాకు అర్థమైపోతుంది.

సరే, రెండోదానికి వద్దాం. కిటికీ చుట్టూ చెదిరే వెలుగుకు నేరుగా ఎండ అక్కర్లేదు. లెన్స్ మీది దుమ్ము, గాజు పలకల అంచులు, గొట్టం లోపలి గోడలు అన్నీ కలిసి వచ్చిన కాంతిలో కొద్ది భాగాన్ని చుట్టుపక్కలకు చల్లుతాయి. ప్రకాశవంతమైన ఆకాశానికి ఆనుకుని నల్లని అల్యూమినియం తలుపు ఫ్రేము ఉంటే, ఫొటోలో ఆ నలుపు పూర్తి నలుపుగా ఉండదు. కొద్దిగా తేలి, అంచు దగ్గర ఆకాశం రంగు అంటుకుంటుంది. రెండర్‌లో మాత్రం తెల్లని ఆకాశం పక్కనే కత్తితో కోసినట్టు కటిక నలుపు. మీ క్లయింటు "కంప్యూటర్ బొమ్మ" అన్నది ప్రధానంగా ఆ అంచును చూసే అయివుంటుంది.

ఇక్కడ PNG మిమ్మల్ని దెబ్బతీసింది. బ్లెండర్ లోపల లెక్కలో గోడ విలువ 0.4 దగ్గర, తెల్లని పరదా 0.9 దగ్గర ఉంటే, ఆకాశం 10 దాకా ఉండవచ్చు. అంటే ఆకాశం గోడకు పాతిక రెట్లు. PNGగా సేవ్ చేసేసరికి ఈ తేడా అణిగిపోతుంది. ఆకాశం 255 దగ్గర ఆగిపోతుంది, పరదా కూడా దానికి కాస్త దిగువకు చేరుతుంది. ఆ తర్వాత వెలుగు చెదరగొట్టమంటే ఫొటోషాప్‌కు ఏది ఆకాశమో ఏది పరదానో తెలియదు. రెండూ మెరుస్తాయి. మీ బొమ్మలో టీపాయ్ మీది తెల్లని కప్పు కూడా దేవుడి పటంలా వెలిగిపోవడానికి కారణం ఇదే. కాబట్టి రెండర్‌ను ఆ విలువలను అణచకుండా ఉంచే `OpenEXR` ఫార్మాట్‌లో సేవ్ చేయండి. లేదా ఈ పనిని బ్లెండర్ కంపోజిటర్‌లోనే, రెండర్ బయటికి రాకముందే చేయండి.

కంపోజిటర్‌లో డీనాయిజ్ తర్వాత `Glare` నోడ్ పెట్టి, రకంగా `Fog Glow` లేదా కొత్త వెర్షన్లలో ఉన్న `Bloom` ఎంచుకోండి. `Ghosts`, `Streaks` జోలికి పోవద్దు. `Threshold` ఎంత పెట్టాలో తెలియాలంటే, రెండర్ కనిపించే విండోలో మౌస్ బటన్ నొక్కిపట్టి పరదా మీద, ఆకాశం మీద కదపండి. కింద అసలు విలువలు కనిపిస్తాయి. పరదా 0.9, ఆకాశం 10 అయితే 2 లేదా 3 దగ్గర హద్దు పెడితే ఆకాశం, నేల మీది బాగా మండే ఎండ మాత్రమే చెదురుతాయి. నిజానికి లెన్స్‌కు హద్దు అంటూ ఏమీ లేదు, అన్ని వెలుగులనూ చెదరగొడుతుంది. ఆకాశం మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి దాని చెదురే కంటికి ఆనుతుంది. హద్దు మన సౌకర్యం కోసమే.

బలం ఎంత అనేదాన్ని కంటితో కాకుండా తలుపు ఫ్రేముతో కొలవండి. చెదురు లేకుండా ఆకాశాన్ని ఆనుకున్న ఫ్రేము విలువ 0.02 ఉందనుకోండి. నోడ్ కలిపాక అది 0.05, 0.06 మధ్యకు వస్తే చాలు. గది లోపలి చివర, సోఫా కింద నీడలో విలువ దాదాపు మారకూడదు. మారిందంటే చెదురు పరిధి మరీ పెద్దదైంది, గది అంతా పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. ఫ్రేము గీతలు ఆకాశంలో కరిగిపోయి లెక్కపెట్టడానికి వీల్లేకపోతే బలం ఎక్కువైంది. వీ-రే, కరోనా రెండరర్లు వాడేవారికి ఈ సదుపాయం ఫ్రేమ్ బఫర్‌లోనే ఉంటుంది. అక్కడా ఇదే కొలత పనిచేస్తుంది.

విన్యెట్‌కు వస్తే, మూలలు నల్లబడటం అలంకారం కాదు, జ్యామితి. బొమ్మ మూలకు చేరే కిరణం ఏటవాలుగా, ఎక్కువ దూరం ప్రయాణించి సెన్సార్ మీద పడుతుంది కాబట్టి అక్కడ కాంతి పలచబడుతుంది. సాదా లెన్స్‌కు ఆ లెక్క ఇది:

```
V = 1 / (1 + (r/f)^2)^2
```

ఇక్కడ `r` అంటే సెన్సార్ నడిమధ్య నుంచి దూరం, `f` అంటే ఫోకల్ లెంగ్త్, రెండూ మిల్లీమీటర్లలో. 36×24 సెన్సార్‌కు మూల 21.6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో మూలకు చేరేది నడిమధ్య కాంతిలో 0.71 వంతు. 35తో 0.52. మీరు వాడిన 24తో 0.30 మాత్రమే. బ్లెండర్ కెమెరా ఇదేమీ లెక్కలోకి తీసుకోదు, మూల నుంచి మూల దాకా ఒకే కాంతి ఇస్తుంది.

అలాగని 0.30 పెట్టేయకండి. నిజమైన వైడ్ లెన్స్‌ల రూపకల్పనలోనే ఈ లోటును చాలావరకు తగ్గిస్తారు. మిగిలినదాన్ని ఇళ్ల ఫొటోలు తీసేవారు సాఫ్ట్‌వేర్‌లోని లెన్స్ ప్రొఫైల్‌తో సరిచేస్తారు. చివరికి బ్రోషరులో అచ్చయ్యే ఫొటోలో మూల దగ్గర మిగిలే లోటు చాలా కొద్ది. 24 మిల్లీమీటర్ల పగటి గదికి మూల విలువ 0.82 దగ్గర పెట్టడం నా అలవాటు. స్టాప్‌లలో చెబితే మూడో వంతు కన్నా కాస్త తక్కువ. 50 మిల్లీమీటర్లతో తీసిన దగ్గరి దృశ్యమైతే 0.92 చాలు. ఒకే ఇంటికి చేసిన పది బొమ్మలకూ ఒకే విన్యెట్ అతికించేవారు ఈ సంగతి గమనించాలి. లెన్స్ మారితే మూల కూడా మారాలి.

బ్లెండర్‌లో చేసే పద్ధతి: `Ellipse Mask` తీసుకుని బొమ్మలో చాలా భాగం కప్పేలా పెద్దది చేయండి. దానికి `Blur` కలిపి, నలుపు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేనంతగా మసకబార్చండి. తర్వాత `Map Range` నోడ్‌లో `To Min` 0.82, `To Max` 1 పెట్టండి. వచ్చినదాన్ని `Multiply`తో బొమ్మకు గుణించండి. మసక తక్కువైతే కోడిగుడ్డు ఆకారపు గీత కనిపిస్తుంది. పాత స్టూడియో ఫొటోల్లో కావాలని పెట్టేవారు, ఇంటి బొమ్మకు అది నప్పదు.

గుణించడం అన్న మాట ముఖ్యం. మీరు నల్లరంగు పొరను మూలల మీద పరిచారు. అందుకే ఎడమ మూలలో ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. అది ఎలా జరుగుతుందో చూడండి: EXRలో ఆకాశం 10. దాన్ని 0.82తో గుణిస్తే 8.2. టోన్ మార్పు తర్వాత అది ఇంకా తెలుపే. PNGలో అదే ఆకాశం 1 దగ్గర, అంటే ఇందాకటి 255 దగ్గర, ఆగిపోయింది. గుణిస్తే 0.82, అంటే మాసిన తెలుపు. ఇంకా గట్టిగా నల్లపొర వేస్తే సిమెంటు రంగు. మూలలో ఉన్న వెలుగు బూడిదగా మారిందా లేదా అని చూస్తే, విన్యెట్ లెన్స్‌లో పుట్టిందో తర్వాత పూశారో తేలిపోతుంది. PNG తప్ప చేతిలో ఏమీ మిగలని పాత పనులకు ఒక ఉపాయం ఉంది. ఫొటోషాప్‌లోని `Camera Raw Filter`లో `Effects` కింద `Vignetting` వాడి, `Style`ను `Highlight Priority`గా ఉంచి, `Highlights` గీటును పెంచండి. వెలుగులను కొంతవరకు కాపాడుతుంది. పూర్తిగా కాదు.

మధ్యలో ఒక మాట. ఈ మూడింటితో తీరని లోపం ఒకటి మీ బొమ్మలో ఉంది. టీపాయ్ అంచులు, టీవీ యూనిట్ అంచులు బ్లేడులా పదునుగా ఉన్నాయి. వడ్రంగి చేసిన ఏ చెక్కకూ అంత పదును ఉండదు. `Bevel` మాడిఫైయర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రం ఇవ్వండి. అంచు మీద సన్నని వెలుగు గీత వస్తుంది. విన్యెట్ కన్నా ముందు ఆ పని చూడండి.

గ్రెయిన్ గురించి రెండు విషయాలు చెప్పుకోవాలి: అది ఎలాంటిది, ఏ సైజు దగ్గర వేయాలి.

రెండర్‌లో శాంపిల్స్ తక్కువైతే వచ్చే చుక్కలు గ్రెయిన్ కావు. "డీనాయిజ్ చేయకుండా వదిలేస్తే అదే గ్రెయిన్" అని కొందరు చెబుతారు, నమ్మకండి. ఆ చుక్కలు కాంతి లెక్క కష్టమైన చోట గుమిగూడతాయి. సోఫా కింద, గాజు వెనక, గది మూలల్లో దట్టంగా ఉంటాయి, ఎండ పడే నేల మీద దాదాపు ఉండవు. గ్రెయిన్‌కు వస్తువులతో పని లేదు, ఆ చోటి వెలుగు స్థాయితోనే పని. ఒకే వెలుగున్న గోడ మీద, సోఫా మీద అది ఒకేలా ఉంటుంది. డీనాయిజర్ తుడిచేసిన గోడ గరుకును కూడా గ్రెయిన్ తిరిగి తేలేదు. ప్లాస్టరు గరుకు కావాలంటే అది మెటీరియల్‌లోనే ఉండాలి, డీనాయిజర్‌కు ఉపరితలం రంగునూ వాలునూ చెప్పే ఆల్బెడో, నార్మల్ పాసులు అందాలి.

ఫొటోషాప్‌లో కొత్త పొర ఒకటి తీసుకుని 50 శాతం బూడిదరంగు నింపండి. పొర మోడ్‌ను `Overlay` చేయండి. `Filter > Noise > Add Noise`లో `Gaussian`, `Monochromatic` రెండూ ఎంచుకుని తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. రంగురంగుల చుక్కలు చవక ఫోన్ రాత్రి ఫొటోను గుర్తుచేస్తాయి, పగటి గదికి అవి వద్దు. ఆ తర్వాత అదే పొరకు 0.5 పిక్సెల్ `Gaussian Blur` ఇవ్వండి. పిక్సెల్‌కో చుక్కగా ఉన్న గరుకు కాస్త ఒకదానితో ఒకటి కలిసి, ఇసుకలా కాకుండా నేతలా కనిపిస్తుంది. `Overlay` ఎందుకంటే, ఆ మోడ్‌లో పూర్తి నలుపు నలుపుగానే, పూర్తి తెలుపు తెలుపుగానే ఉండిపోతాయి. మధ్యస్థపు వెలుగుల మీదే గ్రెయిన్ ఎక్కువగా పడుతుంది. ఫిల్ము నుంచి తీసిన ప్రింట్లలో మనం చూసేదీ దాదాపు అంతే. మీరు మామూలు మోడ్‌లో వేశారు కాబట్టి తెల్లని ఆకాశం మీద కూడా మిరియాలు చల్లినట్టు వచ్చింది.

మోతాదును `Histogram` ప్యానెల్ చెబుతుంది. గోడ మీద ఒకే వెలుగున్న చిన్న చదరం ఎంచుకుని `Std Dev` విలువ చూడండి. గ్రెయిన్ లేనప్పుడు అది సున్నాకు దగ్గరగా ఉంటుంది. 2, 3 మధ్యకు వచ్చేదాకా పొర `Opacity` సర్దండి. మీరు పంపిన బొమ్మలో అదే గోడ మీద 9 వచ్చింది. మూడింట ఒక వంతుకు దించితే సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఖాళీ గోడ మీద విన్యెట్ వల్ల వెలుగు మెల్లగా తగ్గే చోట, 8 బిట్ల బొమ్మల్లో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. కొద్దిపాటి గ్రెయిన్ ఆ మెట్లను కనబడకుండా చేస్తుంది.

కాంతి దారి ప్రకారం గ్రెయిన్ డెవలప్ చేయడానికి ముందే పుడుతుంది కదా, మరి చివర్లో ఎందుకు వేయమంటున్నానని మీకు అనుమానం రావచ్చు. సైజు కోసం. 3000 పిక్సెళ్ల బొమ్మ మీద సన్నని గ్రెయిన్ వేసి, దాన్ని ఫోన్‌లో 1000 పిక్సెళ్లకు కుదిస్తే, తొమ్మిదేసి పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని తొమ్మిది చుక్కల సగటు తీస్తే గరుకు మూడో వంతుకు పడిపోతుంది. 3 ఉన్నది 1 అవుతుంది, అంటే లేనట్టే. మీరు 9 దాకా పెంచడానికి కారణం కూడా ఇదేనని ఊహిస్తున్నాను. ఫోన్‌లో కనిపించలేదు, ఇంకా పెంచారు. పెంచాల్సింది మోతాదు కాదు. ముందు బొమ్మను చూపించే సైజుకు కుదించి, ఆ తర్వాత గ్రెయిన్ వేయాలి.

ఇందుకోసం గ్రెయిన్ లేని మాస్టర్ ఫైల్ ఒకటి ఉంచుకోండి. చెదురు, విన్యెట్ అందులో ఉండవచ్చు, వాటికి సైజుతో పేచీ లేదు. క్లయింటు ఫోన్‌కు పంపే కాపీని 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, దాని మీద కొత్తగా గ్రెయిన్ వేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ నొక్కేస్తుంది. సన్నని గ్రెయిన్ కంప్రెషన్‌లో సగం చెరిగిపోయి, మిగతాది చదరపు మచ్చలుగా మారుతుంది, నున్నని గోడ మీద అవి మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు చేరుతుంది. బ్రోషరులో A4 అడ్డం పేజీకి 300 డీపీఐ దగ్గర దాదాపు 3500 పిక్సెళ్లు కావాలి కాబట్టి, ఆ కాపీ కోసం రెండర్ సైజునే కాస్త పెంచండి. అచ్చులో పిక్సెల్ సైజు గ్రెయిన్ కనిపించదు. బ్లర్‌ను ఒక పిక్సెల్‌కు పెంచి, పోయిన గరుకును `Opacity`తో తిరిగి 3 దగ్గరకు తెచ్చి, స్క్రీన్ మీద కాకుండా ప్రెస్సు వారిచ్చే ప్రూఫు కాగితం మీద చూసి ఖాయం చేసుకోండి.